రోజూ బండి దగ్గర తాగే టీ: ఏడాది ఖర్చు ఎంత, మిగిలేది ఎంత, అది ఎటు వెళ్లాలి?

టీ ఖర్చు గురించి తరచూ వినిపించే లెక్క ఒకటి ఉంది. కప్పు 15 రూపాయలు, రోజుకు రెండు కప్పులు, ఏడాదికి 365 రోజులు, మొత్తం 10,950 రూపాయలు. టీ మానేస్తే అంతా మిగిలినట్టే అంటారు. నేను పద్దులు రాసే ఉద్యోగం చేస్తాను కాబట్టి ఈ లెక్క చూసిన ప్రతిసారీ మనసుకు ఇబ్బందిగా ఉంటుంది. ఇందులో మూడు తప్పులున్నాయి. ఆఫీసు ఎదుటి బండి దగ్గరకు మనం 365 రోజులూ వెళ్లం. వెళ్లిన రోజు టీ ఒక్కటే తాగి రాము. బయటి టీ మానేసినవాడు టీయే మానేయడు, ఇంట్లో పెట్టుకుని తాగుతాడు, దానికీ పాలు, పొడి, గ్యాసు కావాలి. మొదటి తప్పు ఖర్చును పెంచి చూపిస్తుంది, రెండోది తగ్గించి చూపిస్తుంది, మూడోది మిగులును పెంచి చూపిస్తుంది. మూడూ సరిచేశాక వచ్చే అంకెను నమ్ముకునే డబ్బును ఎటు మళ్లించాలో తేల్చుకోవాలి.

ఇక్కడ చెబుతున్నది నా సొంత లెక్క. హైదరాబాద్‌లో ఉద్యోగం, వయసు 30, ఆదాయపు పన్ను పరిధిలోకి రాని జీతం. ధరలు మా ఆఫీసు వీధివి. మీ వీధి ధరలు వేరైనా లెక్క వేసే తీరు మారదు.

ఒక నెల రాస్తే గానీ తెలియదు

ముందు రోజుల సంగతి. 365 రోజుల్లో ఆదివారాలు 52, రెండో శనివారాలు 12, పండుగ సెలవులు మాకు 12, నేను పెట్టుకునే సెలవులు 14. ఇవన్నీ తీసేస్తే మిగిలేవి 275 రోజులు. రోజుకు రెండు టీలు, 30 రూపాయలు అనుకుంటే ఏడాదికి 8,250. రాయడం మొదలుపెట్టకముందు, నా ఖర్చు ఎంత అని ఎవరు అడిగినా ఈ అంకే చెప్పేవాణ్ణి.

జూన్ నెలంతా రాశాను. ఆ నెల 23 పని దినాలు. ఫోను చెల్లింపులు ఉన్నాయి కదా, చూస్తే తెలిసిపోతుందని మొదట అనుకున్నాను. కానీ బ్యాంకు పాస్‌బుక్కులో ఆ చెల్లింపులు కనిపించలేదు. కారణం యూపీఐ లైట్. చిన్న మొత్తాలను పిన్ లేకుండా చెల్లించేందుకు ఫోనులో ముందే కొంత డబ్బు వేసుకుంటాం. పాస్‌బుక్కులో పడేది ఆ డబ్బు వేసుకున్న ఒక్క పద్దే. తర్వాత ఏ టీకి ఎంత ఇచ్చామన్నది యాప్ చరిత్రలో మాత్రమే ఉంటుంది. టీ లాంటి చిన్న ఖర్చులు కంటికి ఆనకుండా పోవడానికి ఇది ఒక కారణం. మీరూ యూపీఐ లైట్ వాడుతుంటే బ్యాంకు స్టేట్‌మెంటును పక్కన పెట్టి యాప్ చరిత్ర చూడండి. చేతిలో చిల్లర ఉన్నప్పుడు ఇచ్చినది ఇక్కడా అక్కడా కూడా పడదు. అది రాసుకోవలసిందే.

మా టీ బండి ఆయన దగ్గర నెలవారీ ఖాతా పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పాత డైరీలో ఒక్కొక్కరికి ఒక పేజీ. నిలువు గీతలు నాలుగు, వాటి మీదుగా ఒక అడ్డగీత, అంటే అయిదు టీలు. బజ్జీకో సమోసాకో గీత పక్కన చిన్న సున్నా. ఆ నెల నేనూ ఖాతాలో చేరాను. నెలాఖరున నా పేజీ చూస్తే గీతలకంటే ముందు సున్నాలే నా కళ్లలో పడ్డాయి.

ఆ పేజీ, నా ఫోను, చిల్లర చీటీ కలిపితే తేలినది ఇది. టీలు 44, అంటే 660 రూపాయలు. సాయంత్రం చిరుతిండి 17 సార్లు, ఒక్కోసారి 30 రూపాయల చొప్పున 510. ఉస్మానియా బిస్కట్లు 11 రోజులు, 110. తోటివాళ్లకు నేను ఇప్పించిన టీలు 190. మొత్తం 1,470 రూపాయలు. పని దినానికి సుమారు 64. దాన్ని 275 రోజులకు లెక్కిస్తే ఏడాదికి 17,576.

నేను చెప్పుకుంటూ వచ్చిన 8,250కి ఇది రెట్టింపు కంటే ఎక్కువ. ఇందులో టీ వాటా 7,900కు కాస్త తక్కువే, అంటే టీ విషయంలో నా అంచనా దాదాపు సరైనదే. తప్పిపోయినది టీ వెంట వచ్చేవి. చిరుతిండి ఒక్కటే ఏడాదికి సుమారు 6,100. బిస్కట్లు 1,300. ఇతరులకు ఇప్పించినవి దాదాపు 2,270.

ఈ చివరి పద్దు గురించి ఒక మాట. వాళ్లు నాకు ఇప్పించిన టీలను నేను రాయలేదు, ఎందుకంటే వాటికి నా జేబులోంచి పైసా పోలేదు. కానీ అవి ఉన్నాయి. ఈరోజు నేను ఇప్పిస్తే రేపు ఇంకొకరు ఇప్పిస్తారు. కాబట్టి ఈ 2,270ని మిగుల్చుకోదగ్గ డబ్బుగా చూడకూడదు. దాన్ని ఆపితే అటునుంచి వచ్చే టీలు కూడా ఆగిపోతాయి, వాటితో పాటు పది నిమిషాల మాట కూడా పోతుంది. నా లెక్కలో దాన్ని అలాగే వదిలేశాను.

ఇంటి టీ ఊరికే రాదు

ఇప్పుడు మూడో తప్పు. ఇంట్లో ఒక కప్పు టీ పెడితే ఎంత అవుతుంది? నేను తూచి చూశాను. పాలు 75 మిల్లీలీటర్లు, లీటరు 60 రూపాయల లెక్కన నాలుగున్నర రూపాయలు. టీ పొడి రెండున్నర గ్రాములు, కిలో 500 అయితే రూపాయి పావలా. రెండు చెంచాల పంచదార 40 పైసల లోపే. గ్యాసు, మెల్లగా మరిగే సమయం కూడా కలుపుకుంటే, మరో 40 పైసలు. అల్లం వేస్తే ఇంకో అర్ధ రూపాయి. మొత్తం ఏడు రూపాయలు అనుకుందాం.

అంటే బయటి టీ మానేస్తే కప్పుకు మిగిలేది 15 కాదు, 8. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే ఎంతోమంది టీ మానేశాక కూడా డబ్బు మిగలలేదని నిరాశపడతారు. నిజానికి సగం ఖర్చు బండి దగ్గరి నుంచి వంటింటికి మారింది, అంతే.

కాఫీ తాగేవాళ్లకు ఈ తేడా ఇంకా తక్కువగా ఉంటుంది. ఫిల్టర్ కాఫీకి ఒక గ్లాసుకు వంద మిల్లీలీటర్ల పాలు, పది గ్రాముల పొడి పడతాయి. మంచి పొడి కిలో 800 అనుకుంటే పొడికే 8, పాలకు 6, ఇంట్లోనే 14 దాటుతుంది. టిఫిన్ సెంటర్‌లో 25 రూపాయలకు దొరికే కాఫీని ఇంట్లో పెట్టుకుంటే పది రూపాయలే మిగులుతాయి, అంటే ధరలో సగం కూడా కాదు. కానీ ఏసీ కేఫ్‌లో 220 పెట్టి తాగే కాఫీ లెక్క వేరు. వారానికి రెండుసార్లు, ఏడాదికి వంద సార్లు వెళ్తే 22,000. నా టీ, బజ్జీ, బిస్కట్లు, ఇప్పించినవి అన్నీ కలిపినా అంతకు రావు. ఆ అలవాటు ఉన్నవాళ్లు కప్పుల లెక్క వేసుకోనక్కరలేదు, వారానికి రెండుసార్లను ఒకసారికి తగ్గిస్తే చాలు. 11,000 ఒక్క నిర్ణయంతో మిగులుతుంది.

ఏది మార్చాలి, ఏది ఉంచాలి

నాకు ఉన్న దారులు నాలుగు. అన్నీ మానేయడం, ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకోవడం, పక్కవాళ్లతో కలిసి వన్ బై టూ చెప్పడం, చిరుతిండిని మార్చడం.

అన్నీ మానేయడాన్ని నేను ఎవరికీ సలహాగా చెప్పను. ఇదివరకు ఒకసారి ప్రయత్నించాను. మూడు వారాలు నిలబడ్డాను. నాలుగో వారం సాయంత్రం ఆకలికి తట్టుకోలేక ఫోనులో తెప్పించుకున్న ఒక్క పూట తిండి, డెలివరీ చార్జీతో కలిపి, మూడు రోజుల టీ, చిరుతిండి ఖర్చును మించిపోయింది.

వన్ బై టూ మంచిదే, కానీ అది నా ఒక్కడి చేతిలో లేదు. పక్కన ఇంకొకరు ఉండాలి, వాళ్లకూ సగమే కావాలి. మధ్యాహ్నం పూట ఆ అవకాశం దొరికితే వాడుకుంటాను, లెక్కలో మాత్రం చేర్చలేదు.

ఫ్లాస్కు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని కొని నెల తర్వాత అటక మీద పెట్టేస్తారు. నేను పొద్దున ఎనిమిదికి టీ పోసుకుని బయలుదేరతాను. పదకొండుకు తాగితే బాగుంటుంది. సాయంత్రం నాలుగున్నరకు అదే ఫ్లాస్కు తెరిస్తే పాలు కలిపిన టీ రంగు మారి, అదో రకమైన మూత వాసన వస్తుంది. ఎనిమిది గంటలు గోరువెచ్చగా ఉన్న పాల టీ తాగడం కడుపుకూ మంచిది కాదు. కాబట్టి ఫ్లాస్కు పదకొండు గంటల టీకి మాత్రమే పనికొస్తుంది. ఆ ఒక్క కప్పు బాగుండాలన్నా రెండు పనులు చేయాలి. టీ పోసే ముందు మరిగే నీళ్లు నింపి అయిదు నిమిషాలు ఉంచి పారబోయాలి, లేకపోతే స్టీలు గోడలే టీ వేడిని కొంత లాగేస్తాయి. ఇంటికి రాగానే మూతలోని రబ్బరు రింగును ఊడదీసి కడగాలి. వాసన పట్టేది ఫ్లాస్కుకు కాదు, ఆ రింగుకు. వారానికోసారి వేడి నీళ్లలో ఒక చెంచా వంట సోడా వేసి రాత్రంతా నానబెడితే లోపలి గోధుమ రంగు మరక కూడా పోతుంది.

ఇంకో సంగతి. ఆ టీ ఎవరు పెడతారు? పొద్దున ఏడున్నరకు ఇంట్లో పిల్లాడి టిఫిను, నా డబ్బా, గిన్నెలు, అన్నీ ఒకేసారి సాగుతుంటాయి. నాకు కప్పుకు ఎనిమిది రూపాయలు మిగలడం కోసం మా ఆవిడకు ఇంకో పని పెరిగితే ఆ మిగులు నాది కాదు, ఆమె కష్టం. అందుకే టీ నేనే పెట్టుకుంటాను, ఫ్లాస్కు నేనే కడుక్కుంటాను. ఇలా చేయలేనివాళ్లు ఈ దారిని తమ లెక్కలోంచి తీసేయడమే న్యాయం.

ఇలా సగం టీలు, అంటే ఏడాదికి 263 కప్పులు ఫ్లాస్కుకు మారితే, కప్పుకు 8 చొప్పున 2,104 రూపాయలు మిగులుతాయి. సాయంత్రం టీ మాత్రం బండి దగ్గరే. ఆ పావుగంట కుర్చీలోంచి లేవడం, నలుగురితో నిలబడి మాట్లాడటం నాకు కావాలి.

ఎప్పుడైనా ఆదివారం స్నేహితులతో ఇరానీ హోటల్‌కు వెళ్లి తాగే టీని కూడా ఈ లెక్కకు బయటే ఉంచాను. అక్కడ డికాషన్‌ను మూతపెట్టి సన్నని సెగ మీద చాలాసేపు మగ్గనిస్తారు, పాలను వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాస్తారు, కప్పులో రెండూ కలుపుతారు. ఇంటి పొయ్యి మీద ఒక కప్పు కోసం ఎవరూ అలా చేయలేరు. ఇంట్లో చేసుకోగలిగిన దాన్ని బయట కొనడం వేరు, ఇంట్లో రానిదాన్ని కొనడం వేరు. మొదటిదే అలవాటు ఖర్చు. రెండోదాన్ని సరదా ఖర్చుగా రాసుకోవాలి.

నాలుగోది చిరుతిండి. అసలు డబ్బు ఇక్కడే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం, ఇల్లు చేరేది రాత్రి ఎనిమిదికి. నాలుగున్నరకు ఆకలి వేయడం సహజం. దాన్ని మాన్పించాలని చూస్తే ఓడిపోతాం, బదులు ఏదో ఒకటి పెట్టాలి. నేను వేయించిన పల్లీలు ఎంచుకున్నాను. కిలో 160 లెక్కన 50 గ్రాములు 8 రూపాయలు. 30 రూపాయల బజ్జీలతో పోలిస్తే 22 మిగులుతాయి. శుక్రవారం మాత్రం మిరపకాయ బజ్జీ మానను. జూన్‌లో 17 సార్లు తిన్న చిరుతిండిలో నాలుగు శుక్రవారాలు పోగా 13 సార్లు పల్లీలకు మారతాయి. ఏడాదికి అలా 155 సార్లు, 3,410 రూపాయలు.

బిస్కట్ల విషయంలో పెద్ద ఆలోచన అవసరం కాలేదు. గాజు సీసా చేతికి అందేంత దూరంలో ఉండబట్టి తీసుకునేవాణ్ణి తప్ప ఆకలికి కాదు. అవి పూర్తిగా ఆపేశాను. 1,315.

మూడూ కలిపితే 6,829. నెలకు 569 రూపాయలు. మొత్తం ఖర్చు 17,576లో నిజంగా మిగుల్చుకోగలిగినది ఇంతే, అయిదింట రెండు వంతులు కూడా కాదు. చిన్న మొత్తమే. కానీ సాయంత్రం టీ, శుక్రవారం బజ్జీ, స్నేహితులకు ఇప్పించే కప్పులు, ఏదీ పోకుండా వచ్చినది కాబట్టి ఏడాదంతా నిలబడుతుంది.

నెలకు 570ని ఎక్కడ పెట్టాలి

ఇక్కడ పోలిక జాగ్రత్తగా చేయాలి. ఈ మొత్తానికి సరిపడే దారులు నాలుగు చూశాను.

ముందుగా అన్నిటికంటే చవకైనది. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతి బీమా యోజనకు 436. మొదటిది ప్రమాదంలో చనిపోతే లేదా పూర్తి వైకల్యం వస్తే 2 లక్షలు ఇస్తుంది. రెండోది ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు ఇస్తుంది, అయితే చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదం కాని మరణానికి వర్తించదు. సురక్షాలో 18 నుంచి 70 ఏళ్ల వరకు, జీవన్ జ్యోతిలో 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరవచ్చు. రెండూ కలిపి 456, నా ఒక నెల మిగులుకంటే తక్కువ. ఇందులో జరిగే పొరపాటు ఒక్కటే. బీమా ఏడాది జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది, డబ్బు మే చివరలో ఖాతాలోంచి దానంతటదే కోత పడుతుంది. ఆ రోజుల్లో ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుంది. జీతం ఒక ఖాతాలో, ఈ బీమా ఎప్పుడో తెరిచిన మరో ఖాతాలో ఉన్నవాళ్లకు ఇలా జరిగే ప్రమాదం ఎక్కువ. మే 20 నాటికి ఆ ఖాతాలో 500 ఉన్నాయో లేదో చూసుకోవాలి.

రెండోది అటల్ పెన్షన్ యోజన. 30 ఏళ్లకు చేరితే, 60 తర్వాత నెలకు 5,000 పింఛను కోసం నెలకు 577 కట్టాలి. నా 569కి ఎనిమిది రూపాయలే తేడా, అందుకే మొదట మనసు అటే వెళ్లింది. పాతికేళ్లకు చేరేవారికి అదే పింఛను 376కే వస్తుంది, 35కి చేరితే 902 అవుతుంది. చేరే వయసు 18 నుంచి 40. ఆదాయపు పన్ను చెల్లించేవారికి 2022 అక్టోబర్ 1 నుంచి ఇందులో చేరే వీలు లేదు. మనిషి తర్వాత జీవిత భాగస్వామికి అదే పింఛను, ఇద్దరి తర్వాత నామినీకి 8.5 లక్షలు. వినడానికి బాగుంది, హామీ కూడా ప్రభుత్వానిదే. కానీ ముప్పై ఏళ్ల తర్వాతి 5,000 అంటే ఎంత అన్నది కూడా చూడాలి. ధరలు ఏటా 5 శాతం పెరిగితే అది ఇప్పటి సుమారు 1,150 రూపాయలతో సమానం. మధ్యలో అవసరం వస్తే తీసుకునే డబ్బు కాదు. సొంత పింఛను ఏమీ లేని కూలి పని వారికి, చిన్న వయసులో చేరేవారికి ఇది మేలైన దారి. నాకు భవిష్య నిధి ఉంది కాబట్టి దీన్ని వెనక్కి జరిపాను.

మూడోది పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్. నెలకు కనీసం 100, ఆపైన పది రూపాయల గుణిజాల్లో ఎంతైనా కట్టవచ్చు. గడువు అయిదేళ్లు. 2023 అక్టోబర్ నుంచి కొత్త ఖాతాలకు వడ్డీ 6.7 శాతం, మూడు నెలలకోసారి చక్రవడ్డీ. ప్రభుత్వం ఈ రేటును మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది, అయినా తెరిచిన రోజు ఉన్న రేటే చివరిదాకా మన ఖాతాకు ఉంటుంది. నెలకు 570 కడితే అయిదేళ్లలో కట్టేది 34,200, చేతికి వచ్చేది సుమారు 40,680. నెల తప్పితే వందకు రూపాయి చొప్పున రుసుము, వరుసగా నాలుగు నెలలు తప్పితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లోగా తిరిగి నిలబెట్టుకోవచ్చు. మూడేళ్ల తర్వాత మధ్యలోనే మూసేయవచ్చు, కానీ అప్పుడు పొదుపు ఖాతా వడ్డీయే ఇస్తారు. ఏడాది కట్టాక జమలో సగం వరకు అప్పుగా తీసుకోవచ్చు, మూసేయడం కంటే అదే నయం.

నాలుగోది వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చడం. ఈ దారి గురించి పొదుపు సలహాలు చెప్పేవారు తక్కువగా మాట్లాడతారు, నాకు మాత్రం ఇదే ముందు రావాలనిపిస్తుంది. నాన్నగారి ఆసుపత్రి ఖర్చుకు 20,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తీసుకున్నాను. నెలకు 400 వడ్డీ కడుతున్నాను, అసలు మాత్రం కదలడం లేదు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఒకచోట 24 కడుతూ మరోచోట 6.7 సంపాదించడం పద్దు రాసేవాడిగా నాకు మింగుడుపడలేదు. 400 వడ్డీకి తోడు ఈ 570 కూడా కడితే నెలకు 970. మొదటి నెల అసలులో 570 తగ్గుతుంది, తర్వాతి నెల వడ్డీ 400 కాదు, 388 చిల్లర. తగ్గిన ఆ 11 రూపాయలు కూడా అసలుకే పోతాయి. అలా 27 నెలల్లో అప్పు పూర్తిగా తీరుతుంది. ఈ 570 లేకపోతే ఎన్నేళ్లయినా 20,000 అలాగే ఉంటుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. అప్పు ఇచ్చినవారు నెలనెలా అయిదారువందలు అసలుకు జమ చేసుకోవడానికి ఇష్టపడకపోవచ్చు, ఒకేసారి తెమ్మంటారు. అలాంటప్పుడు మూడు నెలలకోసారి కట్టే ఏర్పాటు అడగండి, అప్పటిదాకా ఆ డబ్బును వేరే పొదుపు ఖాతాలో ఉంచండి. కట్టిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనక తేదీ, మొత్తం వేసి చెల్లు రాయించుకోవాలి. నోటి మాట మీద కట్టుకుంటూ పోతే రెండేళ్ల తర్వాత ఏది వడ్డీ, ఏది అసలు అన్నది ఎవరికీ గుర్తుండదు.

కాబట్టి నేను పెట్టుకున్న వరుస ఇది. మొదటి మూడు నెలల డబ్బు ఫ్లాస్కుకు 900, రెండు బీమాలకు 456. నాలుగో నెల నుంచి అప్పుకు. మధ్యలో ప్రతి మేలోనూ ఒక నెల డబ్బు బీమాకు పోతుంది. అన్నీ కలిపి 32 నెలల్లో అప్పు తీరాలి. ఆ తర్వాత వడ్డీకి పోతున్న 400 కూడా నాదే అవుతుంది. అప్పుడు నెలకు 970 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, ఇప్పటి రేటే ఉంటే, అయిదేళ్లలో 58,200 కట్టి 69,200 దాకా అందుకుంటాను. అప్పు లేనివారైతే బీమాల తర్వాత నేరుగా రికరింగ్ డిపాజిట్‌కే వెళ్లవచ్చు. పాతికేళ్ల లోపువారు, భవిష్య నిధి లేనివారు అయితే డిపాజిట్‌కంటే అటల్ పెన్షన్‌నే ముందు పెట్టమంటాను, ఎందుకంటే ఒక్కో ఏడాది ఆలస్యానికీ నెలవారీ కట్టే మొత్తం పెరుగుతుంది.

ఏ దారైనా, డబ్బు జీతం వచ్చిన రెండో రోజే వేరే ఖాతాకు వెళ్లిపోవాలి. నెలాఖరున మిగిలితే వేద్దామనుకుంటే మిగలదు. తాగని టీ డబ్బు జీతం ఖాతాలో ప్రత్యేకంగా ఒక మూల కూర్చోదు, కూరగాయల్లోనో పెట్రోల్‌లోనో కలిసిపోతుంది. నేను 3వ తేదీకి 570 బదిలీ అయ్యేలా బ్యాంకులో ఆదేశం పెట్టుకున్నాను.

మూడు నెలల తర్వాత ఎక్కడ జారింది

సెప్టెంబర్‌లో ఒక వారం మళ్లీ రాశాను. టీ అనుకున్నట్టే ఉంది. బిస్కట్లు లేవు. చిరుతిండి మాత్రం ఒక్క శుక్రవారం కాకుండా ఆ వారం మూడుసార్లు పడింది. ఎందుకా అని చూస్తే తప్పు పల్లీలది. నెలకు సరిపడా ముప్పావు కిలో ఒకేసారి వేయించి, ప్లాస్టిక్ డబ్బాలో ఆఫీసు సొరుగులో పెట్టాను. వానాకాలపు తేమకు నాలుగు రోజుల్లో మెత్తబడ్డాయి, రెండో వారానికి పాత నూనె వాసన వచ్చింది. బయట వాన పడుతుంటే, ఎదురుగా నూనెలో బజ్జీలు వేగుతుంటే, మెత్తబడ్డ పల్లీలు నమిలే ఓపిక నాకు లేకపోయింది.

ఇప్పుడు ఆదివారం పావు కిలో మాత్రమే, సన్నని సెగ మీద పొట్టు నల్ల చుక్కలు పడేదాకా వేయిస్తాను. పూర్తిగా చల్లారాక, లోపల ఆవిరి పట్టకుండా, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పోస్తాను. ఆఫీసుకు మూడు రోజులకు సరిపడా చిన్న డబ్బా, మిగతాది ఇంట్లో. గురువారం ఉదయం ఆ చిన్న డబ్బాను మళ్లీ నింపుకుంటాను. అక్టోబర్ మొదటి వారం ఖాతా డైరీలో నా పేజీలో ఒక్కటే సున్నా ఉంది, శుక్రవారం గీత పక్కన.